పాట మారినా తాళం తప్పకుండా

(పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, ఎడిట్ చేసేవాళ్లు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే కొద్దిగా సరిచేసి రాసినది.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినప్పుడు ఎడిటింగ్ గురించి ఏదైనా మాట్లాడమన్నారు. నేను ఏదైనా మాట్లాడను. నా పరువు తీసిన ఒకే ఒక్క వీడియో గురించి మాట్లాడతాను.

మూడు నిమిషాల ఇరవై సెకన్ల పెళ్లి హైలైట్స్. సినిమా పాట మీద కట్ చేశాను. ఇంట్లో టీవీలో వేసుకున్నప్పుడు అందరికీ నచ్చింది. తర్వాత పెళ్లికొడుకు దాన్ని యూట్యూబ్‌లో పెట్టుకున్నాడు. పాట హక్కుదారుల క్లెయిమ్ వచ్చి వీడియో బ్లాక్ అయింది. అమెరికాలో ఉన్న చుట్టాలకి లింక్ పంపితే తెరుచుకోవడం లేదు. "అన్నా, పాట మార్చి ఇవ్వు, అంతే కదా" అన్నాడు. నేనూ అంతే కదా అనుకున్నాను. రాయల్టీ ఫ్రీ లైబ్రరీలో మంచి ట్రాక్ ఒకటి వెతికి, పాత పాట తీసేసి, ఇది కింద పెట్టి, చివర్లో ఫేడ్ చేసి పంపించేశాను. గంట పని.

మర్నాడు పెళ్లికొడుకు వాళ్ల బాబాయి ఫోన్ చేశారు. పెద్దాయన, ఎడిటింగ్ గురించి ఏమీ తెలియదు. ఆయన అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేదు. "బాబూ, పక్క మండపంలో మేళం మన పెళ్లికి వినపడుతున్నట్టుందయ్యా." (నవ్వులు)

నవ్వండి, నేను ఆ రోజు నవ్వలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బొమ్మ ఒక తాళంలో నడుస్తోంది, సంగీతం ఇంకో తాళంలో నడుస్తోంది. పాట తీసేసినా అది బొమ్మలోంచి పోదు. ప్రతి కట్‌లోనూ దాని లెక్క మిగిలే ఉంటుంది.

హక్కుల సంగతి ఒక్క నిమిషంలో చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే ప్రతి చోటా ఇదే ప్రశ్న అడుగుతారు. "పెళ్లిలో పాటలు పెట్టుకోవచ్చు, చట్టంలో ఉంది" అంటారు. ఉంది. 1957 కాపీరైట్ చట్టం, సెక్షన్ 52(1)(za). పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాట వినిపించడానికి అది మినహాయింపు ఇస్తుంది. ఆ పాటని తీసుకొచ్చి వీడియోకి అతికించి ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఇవ్వదు. మండపం వేరు, యూట్యూబ్ వేరు. ఇక యూట్యూబ్ స్టూడియోలోనే Replace song అని ఒక ఆప్షన్ ఉంటుంది, లింక్ మారకుండా అక్కడే పాట మార్చుకోవచ్చు. మంచిదే. కానీ మీరు ఎక్కడ కట్ చేశారో దానికేం తెలుసు? కబుర్లు చెప్పే వీడియోకి సరిపోతుంది, బీట్ మీద కట్ చేసిన వీడియోకి సరిపోదు.

ఇప్పుడు అసలు సంగతి. పాత పాట వేగం నిమిషానికి 96 బీట్లు. నేను తెచ్చిన ట్రాక్ 100. నాలుగే కదా తేడా అనిపిస్తుంది. 96 దగ్గర ఒక బీట్ 0.625 సెకను. 100 దగ్గర 0.6 సెకను. మొదటి బీట్ రెండింటికీ కలిపి పెట్టాననుకోండి. పది బీట్లు అయ్యేసరికి కొత్త ట్రాక్ పావు సెకను ముందుకెళ్లిపోతుంది. మనం సెకనుకి 25 ఫ్రేముల్లో పని చేస్తాం కాబట్టి అది ఆరు ఫ్రేముల పైమాటే. ఒకటి రెండు ఫ్రేములు ఎవరికీ తెలియదు. ఆరు ఫ్రేములు చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది.

ఇందులో ఒక మోసం ఉంది, నేను పడింది అందులోనే. నాలుగు బీట్ల తేడా అంటే నిమిషంలో నాలుగు సార్లు రెండూ మళ్లీ కలుస్తాయి. అంటే ప్రతి 15 సెకన్లకి ఒకసారి కట్లన్నీ కరెక్టుగా పడుతున్నట్టు కనిపిస్తాయి. మధ్యలో, ఏడున్నర సెకన్ల దగ్గర, పూర్తిగా ఎదురు తిరుగుతాయి. నేను మొదట్లో కాసేపు చూశాను, బాగుంది. నిమిషం దగ్గర నొక్కి చూశాను, బాగుంది. రెండు నిమిషాల దగ్గర, మంగళసూత్రధారణ, అక్కడా బాగుంది. 60, 120, రెండూ 15తో తెగే అంకెలే మరి! టైమ్‌లైన్ మీద అక్కడొకటి ఇక్కడొకటి నొక్కి చూసేవాళ్లందరూ జాగ్రత్త. అలా చూడకండి, వరసగా ఇరవై సెకన్లయినా వదలకుండా చూడండి.

అందుకని, ట్రాక్ వెతకడానికి ముందు పాత పాట వేగం కొలవాలి. సాఫ్ట్‌వేర్లు చెప్పేస్తాయి, కానీ అవి 96ని ఒక్కోసారి 48 అనీ 192 అనీ చూపిస్తాయి. నేను చేతితో కొలుస్తాను. వేవ్‌ఫామ్ పెద్దది చేసి, గట్టి దెబ్బ ఒకటి చూసి అక్కడ మార్కర్ పెట్టండి. ఆ దెబ్బని సున్నా అనుకోండి. తర్వాతది ఒకటి. అలా 32 వరకు లెక్కపెట్టి, అక్కడ రెండో మార్కర్ పెట్టండి. మధ్యలో ఎన్ని సెకన్లో చూడండి. నాకు సరిగ్గా 20 సెకన్లు వచ్చింది. 32ని 60తో గుణించి 20తో భాగిస్తే 96. మొదటి దెబ్బనే ఒకటి అని లెక్కపెడితే 33 అవుతుంది, లెక్క 99 చూపిస్తుంది. పెట్టిన వేలు తప్పితే పాటంతా తప్పుతుంది.

వచ్చిన అంకె నిజమేనా అని తేల్చుకోవడానికి ఆడాసిటీలో Generate మెనూలో Rhythm Track అని ఉంటుంది. వేగం 96 అని ఇచ్చి, పాట చివరిదాకా సరిపడా బార్లు, అంటే నాలుగేసి బీట్ల గుంపులు, ఎన్నో కూడా ఇస్తే టిక్ టిక్ మని ఒక ఫైల్ చేసి ఇస్తుంది. దాని మొదటి టిక్కుని పాత పాట మొదటి దెబ్బకి కలిపి పెట్టి మూడో నిమిషం దగ్గర వినండి. అక్కడ కూడా టిక్కు, దెబ్బ ఒక్కటిగా వినపడితే మీ అంకె కరెక్ట్. మూడో నిమిషానికి జారిపోతే, పాట వేగం 95.8 లాంటిదేదో అయ్యుంటుంది, లేదా పాటే నిలకడగా ఉండదు. ఇప్పటి పాటలు కంప్యూటర్ మీద చేస్తారు కాబట్టి గడియారంలా నడుస్తాయి. పాతకాలం పాటలు మనుషులు కలిసి వాయించినవి, ఉత్సాహం వచ్చిన చోట వేగం పెరుగుతుంది. అలాంటి పాట మీద కట్ చేసిన వీడియో అయితే ఒక్క అంకెతో పని జరగదు, పల్లవికి ఒకసారి చరణానికి ఒకసారి విడిగా కొలుచుకోవాల్సిందే.

వేగం తెలిసింది కదా అని వెంటనే లైబ్రరీలో 96 అని కొట్టేయకండి. వేగం ఒకటే అయినా నడక వేరు కావచ్చు. మన తీన్మార్ దెబ్బ తీసుకోండి, చాలా జానపదాలు తీసుకోండి. మూడు మూడుగా నడుస్తాయి, తిశ్రం. లైబ్రరీల్లో దొరికే ట్రాకులు ఎక్కువ భాగం నాలుగు నాలుగుగా నడుస్తాయి. మీరు తీన్మార్‌కి దెబ్బ దెబ్బకి కట్ చేసి, కింద నాలుగు నడక ట్రాక్ పెడితే, పెద్ద బీట్లు కలుస్తాయి, లోపలి దెబ్బలు కలవవు. బారాత్ షాట్లు నత్తిగా కనిపిస్తాయి. ఈ తప్పుని ఎంత జరిపినా సరిచేయలేం, ట్రాక్ మార్చడమే మార్గం. వెతికేటప్పుడు 6/8 అని కొట్టి చూడండి. తక్కువ దొరుకుతాయి కానీ దొరుకుతాయి. నా అదృష్టం, నా పాట నాలుగు నడకే.

నడక కలిశాక వేగం సరిచేయడం తేలిక. 100ని 96కి తేవాలి, అంటే 96 శాతం స్పీడ్. ప్రీమియర్‌లో Speed/Duration తెరిచి 96 ఇచ్చి, Maintain Audio Pitch దగ్గర టిక్ పెడితే శ్రుతి మారకుండా సాగుతుంది. కంప్యూటర్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉన్నవాళ్లకి ఒక్క లైన్:

```
ffmpeg -i kotha.wav -af atempo=0.96 kotha96.wav
```

ఆ టిక్ తీసేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. పాత టేప్ రికార్డర్ నెమ్మదించినట్టు శ్రుతి కూడా దిగుతుంది, నాలుగు శాతానికి ఒక స్వరస్థానంలో ముప్పావు లోపు. గొంతు లేని వాద్య సంగీతమే అయితే, పక్కన వేరే వాద్యం వినపడకపోతే, నేను చాలాసార్లు టిక్ తీసేసే వాడతాను. ఎందుకంటే శ్రుతిని పట్టి ఉంచి సాగదీసినప్పుడు డోలు దెబ్బ అంచు మొద్దుబారుతుంది. మనకి కావాల్సిందే ఆ అంచు. ఐదు శాతం దాటితే రెండు పద్ధతుల్లోనూ తేడా తెలుస్తుంది. కాబట్టి 96 కావాలంటే 92 నుంచి 100 మధ్యలో వెతకండి. 110 ట్రాక్ ఎంత నచ్చినా వదిలేయండి.

తర్వాత ఎక్కడ పెట్టాలి అన్నది. చాలామంది ట్రాక్ మొదలుని వీడియో మొదలుకి అతికిస్తారు. ఫైల్ మొదట్లో కొంచెం నిశ్శబ్దం ఉంటుంది, అక్కడే రెండు మూడు ఫ్రేములు పోతాయి. నేను మొదలు పట్టించుకోను. వీడియోలో తిరుగులేని కట్ ఒకటి పట్టుకుంటాను. నా వీడియోలో పదో సెకను, 250వ ఫ్రేము. గడప మీద పెళ్లికూతురి పాదం నుంచి ఆమె ముఖానికి కట్. అక్కడే పాత పాటలో పల్లవి మొదలయ్యేది. కొత్త ట్రాక్‌లో ఐదో బార్ మొదటి దెబ్బని తెచ్చి సరిగ్గా ఆ ఫ్రేము మీద కూర్చోబెట్టాను. మొదటి దెబ్బ అంటే మొదటిదే, తాళంలో సమం అంటారే, అది. రెండో దెబ్బ మీద పెట్టినా ప్రతి కట్టూ ఏదో ఒక బీట్ మీదే పడుతుంది, లెక్క ప్రకారం తప్పు దొరకదు. కానీ చూస్తుంటే చప్పగా ఉంటుంది, ఎందుకో అర్థం కాదు. అలా ఉంటే ఒక బీట్ అటో ఇటో జరిపి చూడండి.

ఇక్కడితో బీట్లు కలుస్తాయి. పెళ్లి మాత్రం ఇంకా కాలేదు. (నవ్వులు) బీట్లు కలిసినా, సంగీతం ఉప్పొంగే చోటూ తాళి కట్టే చోటూ కలవాలి కదా. 96 దగ్గర ఒక బార్ రెండున్నర సెకన్లు. వీడియో మొత్తం 200 సెకన్లు, 80 బార్లు. మంగళసూత్రం 120వ సెకను దగ్గర, అంటే 48 బార్లు పూర్తయ్యాక. కొత్త ట్రాక్‌లో సంగీతం అంతా ఒక్కసారిగా లేచేది 40 బార్ల తర్వాత. ఎనిమిది బార్లు ముందే లేచి కూర్చుంటుంది, తాళి ఇంకా పళ్లెంలోనే ఉంటుంది.

బొమ్మని ముట్టుకోకూడదు. సంగీతాన్ని పొడిగించాలి. కొత్త ట్రాక్‌లో 17 నుంచి 24 వరకు ఎనిమిది బార్లు వీణలాంటి వాద్యం ఒకటి మెల్లగా నడుస్తుంది. దాన్ని ఇంకోసారి వాయించాను. కత్తెర వేసేది బార్ మొదటి దెబ్బకి కొంచెం ముందు, ఒక ఫ్రేములో సగం చాలు. అతుకు మీద అర ఫ్రేము, ఒక ఫ్రేము క్రాస్‌ఫేడ్. దెబ్బ వచ్చి అతుకుని కప్పేస్తుంది. దెబ్బ మధ్యలో కోసి పెద్ద క్రాస్‌ఫేడ్ పెడితే మద్దెల రెండుసార్లు వినపడుతుంది, జంట దెబ్బలా. ఎంత పొడిగించినా తగ్గించినా నాలుగు, ఎనిమిది బార్ల లెక్కలోనే చేయండి. ఆరు బార్లు అతికిస్తే వాక్యం మధ్యలో ఆగినట్టు ఉంటుంది. కొత్త ట్రాక్ 76 బార్లు, ఎనిమిది కలిస్తే 84, కావాల్సింది 80. చివరి భాగానికి ముందు నాలుగు తీసేశాను. ముగింపు మాత్రం ట్రాక్ ఎలా ముగుస్తుందో అలాగే ఉంచాను. ఫేడ్ చేసి చంపేయడం నాకు ఇష్టం ఉండదు, అది పాట అయిపోవడం కాదు, కరెంటు పోవడం.

ప్రీమియర్‌లో ఈ అతుకులు తనంతట తనే వేసే Remix అనే పనిముట్టు ఉంది. ఎంత నిడివి కావాలో చెబితే ఆ నిడివికి తెస్తుంది. కానీ తాళి ఎక్కడుందో దానికి చెప్పే వీల్లేదు. నేను దాన్ని మామూలు వీడియోలకి వాడతాను, దీనికి వాడలేదు.

ఇప్పుడు కట్లు ఒక్కొక్కటీ చూడాలి. ఇక్కడ నాకొక చిక్కు. ఆ పెళ్లి ప్రాజెక్ట్ ఫైల్ ఉన్న హార్డ్ డిస్క్ పోయింది. నా దగ్గర మిగిలింది ఎగుమతి చేసిన ఎంపీ4 ఒక్కటే. ప్రీమియర్‌లో Scene Edit Detection, రిజాల్వ్‌లో Detect Scene Cuts ఉన్నాయి. అవి ఫైల్‌ని చూసి కట్లు ఎక్కడున్నాయో ముక్కలు చేసి ఇస్తాయి. డిజాల్వ్‌లు సరిగ్గా పట్టుకోలేవు, ఫ్లాష్ వెలిగిన ఫ్రేముని కట్ అనుకుంటాయి, అవి మనం చూసుకోవాలి. నా వీడియోలో 74 కట్లు తేలాయి. వేగం, సమం కలిసాయి కాబట్టి 61 కట్లు నేను వేలు పెట్టకుండానే బీట్ మీద ఉన్నాయి. మిగిలిన 13 ఎందుకు తప్పాయో చూస్తే, అవి బీట్ మీద వేసినవి కావు. గాయని ఒక మాటని విరిచిన చోట వేసినవి కొన్ని, డప్పు మీద చిటపట దెబ్బలకి వేసినవి కొన్ని. ఆ గొంతూ ఆ డప్పూ ఇప్పుడు లేవు. కట్ గాల్లో ఉంది.

ప్రాజెక్ట్ ఉంటే రోలింగ్ ఎడిట్ చేసి పక్క బీట్ మీదకి జరిపేస్తాం, నిడివి మారదు. ఎంపీ4 మాత్రమే ఉంటే కట్ అవతల ఏముంటుంది? తర్వాతి షాటే ఉంటుంది. జరపడానికి అదనపు బొమ్మ లేదు. అక్కడ రెండు దారులు. ఒకటి, కట్ నాలుగు ఫ్రేములు ఆలస్యంగా పడాలంటే, ముందు షాట్ 46 ఫ్రేములు ఉంటే దాన్ని 92 శాతం స్పీడ్‌కి సాగదీసి 50 చేయడం, తర్వాతి షాట్ మొదట్లో నాలుగు కోసేయడం. మొత్తం నిడివి అంతే. తలంబ్రాలు పోసుకునే షాట్ లాంటిది అయితే బాగుంటుంది. చేతులు చకచకా కదిలే షాట్ అయితే జర్క్ కనిపిస్తుంది, చేయకండి. నేను 13లో ఐదు ఇలా సరిచేశాను.

రెండో దారి నాకు ఇంకా ఇష్టం. కట్‌ని బీట్ దగ్గరికి తీసుకెళ్లలేకపోతే, కట్ దగ్గరికే ఒక శబ్దాన్ని తీసుకురండి. గాజులు సర్దుకునే షాట్‌కి కట్ అవుతోందా, సరిగ్గా ఆ ఫ్రేము మీద గాజుల చప్పుడు. పల్లకీ దించే షాట్‌కి అడుగుల చప్పుడు. చెవికి ఆ కట్‌కి ఒక కారణం దొరికితే ఊరుకుంటుంది, బీట్ కోసం వెతకదు. మిగతా ఎనిమిదిలో ఆరు ఇలాగే సర్దుకున్నాయి. రెండు అలాగే వదిలేశాను. డిజాల్వ్ పక్కన ఉన్నాయి, ఎవరూ పట్టుకోలేదు.

ఈ శబ్దాలు ఎక్కడివి అంటారా? ఎంపీ4 లోపల పాటా మాటా కలిసిపోయి ఉన్నాయి, శుభ్రంగా విడదీయడం కష్టం. అదే పాట ఫైల్ తెచ్చి తిరగేసి కలిపితే పాట మాయమవుతుందని కొందరు చెప్తారు. నేనూ చేసి చూశాను. ఎగుమతిలో ఒకసారి కుదించాక ఆ లెక్క కలవదు, పాట దయ్యంలా వెనక మిగిలే ఉంటుంది. నా అదృష్టం కొద్దీ కెమెరా కార్డుల కాపీ ఇంకో డిస్క్‌లో ఉంది. మంత్రాలు, గట్టిమేళం, అప్పగింతల ఏడుపు, మూడింటినీ అక్కడి నుంచి తెచ్చి పెట్టుకున్నాను.

గట్టిమేళం దగ్గర ఒక మాట. నాదస్వరం శ్రుతి వేరు, ట్రాక్ శ్రుతి వేరు. రెండూ కలిపి వినిపిస్తే చెవిలో పంటి నొప్పి. అందుకని తాళి కట్టే రెండు బార్లు, ఐదు సెకన్లు, ట్రాక్ సౌండ్ పూర్తిగా దించేసి గట్టిమేళం ఒక్కటే వదిలాను. ట్రాక్‌ని కోయలేదు, సౌండ్ మాత్రమే దించాను. లోపల అది నడుస్తూనే ఉంటుంది కాబట్టి, మూడో బార్ మొదటి దెబ్బతో మళ్లీ లేచినప్పుడు తాళం తప్పదు. దాంతో ముందు లెక్కపెట్టుకున్న ఉప్పొంగే చోటు రెండు బార్లు ఆలస్యమైనట్టయింది, అక్షింతల మీదకి. అదే బాగుంది.

బొమ్మ ముట్టుకోని వీడియోలైతే మళ్లీ రెండర్ చేసి క్వాలిటీ పోగొట్టుకోకండి. సౌండ్ ఒక్కటే బయటికి తీసి పాత బొమ్మకి అతికించవచ్చు:

```
ffmpeg -i patha.mp4 -i mix.wav -map 0:v -map 1:a -c:v copy -c:a aac -b:a 320k kotha.mp4
```

పంపే ముందు ఒకసారి చూసి, తప్పు ఉంటే ఎలాంటి తప్పో గుర్తుపట్టండి. కాసేపు కలిసి కాసేపు విడిపోతుంటే వేగం తప్పు. మొదటి నుంచి చివరి దాకా ఒకే అంత తేడాగా ఉంటే పెట్టిన చోటు తప్పు. ఒక చోట వరకు బాగుండి అక్కడి నుంచి చెడిపోతే, అక్కడ మీ అతుకు బార్ కొలత తప్పింది. ఇంకేమైనా అడుగుతారా?

ప్రశ్న (సభలోంచి): అన్నా, రాయల్టీ ఫ్రీ అని వేసినా నాకు క్లెయిమ్ వచ్చింది. మరి ఎందుకు ఈ కష్టమంతా?

మంచి ప్రశ్న. రాయల్టీ ఫ్రీ అంటే ఉచితం కాదు తమ్ముడూ, ఒకసారి లైసెన్స్ తీసుకుంటే ప్రతిసారీ కట్టక్కర్లేదని. ఆ ట్రాక్ చేసిన ఆయన కూడా దాన్ని యూట్యూబ్‌లో పాటల్ని పట్టుకునే కంటెంట్ ఐడీలో పెట్టుకుని ఉండొచ్చు. అప్పుడు లైసెన్స్ కాగితం చూపించి డిస్ప్యూట్ వేస్తే తీసేస్తారు. అందుకే ట్రాక్ డౌన్‌లోడ్ చేసిన రోజే లైసెన్స్ పీడీఎఫ్ ఆ పెళ్లి ఫోల్డర్‌లోనే పెట్టు. లైసెన్స్ నీ పేరున ఉండి ఛానల్ పెళ్లికొడుకుది అయితే అది చెల్లుతుందో లేదో ముందే చదువుకో. క్రియేటివ్ కామన్స్ ట్రాక్ అయితే చివర అక్షరాలు చూడు. NC ఉంటే డబ్బులు తీసుకునే పనికి వాడకూడదు. ND ఉంటే అసలు వీడియో కిందే పెట్టకూడదు, బొమ్మతో జతచేయడాన్నే వాళ్లు మార్పు కింద లెక్కేస్తారు. ఇందాక చెప్పినట్టు సాగదీసి, ఎనిమిది బార్లు అతికించాక అయితే ఇక చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సంగీత్ డాన్సుల సంగతేంటండీ? అక్కడ డీజే పాట కెమెరా సౌండ్‌లోనే ఉంటుంది కదా?

ఉంటుంది. ఆ సౌండ్ కొంచెం వదిలినా పట్టేసుకుంటారు, బ్యాండువాళ్లు వాయించిన సినిమా బాణీకి కూడా క్లెయిములు వస్తాయి. కాబట్టి సౌండ్ మొత్తం తీయాల్సిందే. అక్కడ కట్ కంటే కష్టమైంది కాళ్లు. కట్ ఎప్పుడో ఒకసారి వస్తుంది, డాన్స్ చేసేవాళ్ల పాదం ప్రతి బీట్‌కీ నేల మీద పడుతుంది. వేగం నిమిషానికి ఒక్క బీట్ తేడా ఉన్నా పది పదిహేను సెకన్లు దాటితే కనిపించిపోతుంది. నేను ఒక్కో షాట్ ఐదారు సెకన్లకి మించకుండా కోసి, ప్రతి షాట్‌లోనూ పాదం పడే ఫ్రేము పట్టుకుని, దాన్నే దగ్గర బీట్ మీద పెట్టుకుంటాను. పెదాలు కలిపి పాడుతున్న షాట్ ఉంటే మాత్రం తీసేస్తాను, దానికి మందు లేదు.